780 ఎక్కడిది?

పాత అకౌంటెంట్ రిటైరై వెళ్ళేటప్పుడు కొత్తవాళ్ళ చేతికి బీరువా తాళాలు, చెక్కు పుస్తకాలు, వాటితోపాటు ఒక ఎక్సెల్ వర్క్‌బుక్ వస్తాయి. తాళాలకూ చెక్కులకూ సంతకాలు తీసుకుంటారు. వర్క్‌బుక్ మాత్రం "అంతా ఇందులోనే ఉందమ్మా, నెల మార్చుకుని హాజరు కొట్టుకుంటే చాలు" అనే ఒక్క మాటతో చేతులు మారుతుంది. ఏళ్ళ తరబడి జీతాలు అందులోంచే పడుతున్నాయి కాబట్టి లెక్క సరిగ్గానే ఉంటుందని అందరి నమ్మకం. ఈలోగా ప్రభుత్వం రేట్లు మార్చింది, కొత్తవాళ్ళు చేరారు, ఎవరో ఒకరికి మినహాయింపు ఇచ్చారు, ఆఫీసు కంప్యూటర్ మారింది. ఒక్కో మార్పూ ఏదో ఒక సెల్‌లో తన గుర్తు వదిలి వెళ్ళింది. వాటిలో కొన్ని తప్పులు, కొన్ని తెలిసి చేసిన మినహాయింపులు. పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీయడమే ఆడిట్‌లో అసలు కష్టం.

గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు అనుకుందాం. 164 మంది పనివాళ్ళు. 2024 ఆగస్టు జీతాల షీటు. మిల్లూ అందులోని మనుషులూ ఉదాహరణ కోసం అల్లినవి. పీఎఫ్, ఈఎస్‌ఐ రేట్లు, తేదీలు మాత్రం అప్పుడు అమల్లో ఉన్నవే. షీటు పేరు `Salary`. 6వ వరుస నుంచి 169వ వరుస దాకా మనుషులు, 170లో మొత్తాలు. C కాలమ్‌లో బేసిక్, Dలో హాజరు రోజులు, Eలో ఆ రోజులకు వచ్చిన బేసిక్, డీఏ, Fలో మొత్తం వేతనం, Gలో పీఎఫ్, Hలో ఈఎస్‌ఐ, Iలో వృత్తి పన్ను, Jలో అడ్వాన్సు కోత, Kలో చేతికొచ్చే జీతం. కొత్తగా చేరిన అకౌంటెంట్‌కు ఆ నెల జీతాలు వేయడానికి పది రోజుల గడువుంది.

ముట్టుకోకముందు

ఫైలు తెరవగానే బయటి లింకులు అప్‌డేట్ చేయాలా అని ఎక్సెల్ అడిగింది. ఇక్కడ నొక్కాల్సింది `Don't Update`. అప్‌డేట్ చేస్తే, మూల ఫైలు ఎక్కడైనా దొరికిన పక్షంలో, పాత విలువలు పోయి కొత్తవి వచ్చి కూర్చుంటాయి. పోయిన నెల జీతాలు ఏ అంకెల మీద వేశారో చూపే ఆధారం అక్కడితో పోతుంది. ఆమె అసలు ఫైలును అలాగే మూసి, ఒక కాపీ తీసి, అసలుదానికి రీడ్ ఓన్లీ పెట్టింది. ఇక పనంతా కాపీలోనే.

తర్వాత నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుంది: మనుషుల సంఖ్య, పీఎఫ్ మొత్తం, ఈఎస్‌ఐ మొత్తం, నికర జీతాల మొత్తం. చివరిది K170లో 21,47,310 అని చూపిస్తోంది. ఈ అంకెలు లేకుండా ఆడిట్ మొదలుపెడితే, ఆఖర్న మొత్తం ఎంత మారిందో తెలుస్తుంది గానీ ఎందుకు మారిందో తేలదు.

మరో రెండు చిన్న విషయాలు. `Formulas` ట్యాబ్‌లో `Calculation Options` మాన్యువల్‌లో ఉంటే తెర మీది అంకెలు పాతవి కావచ్చు, ఆటోమేటిక్‌కు మార్చాలి. ఏ షీటు పేరు మీదనైనా రైట్ క్లిక్ చేసి `Unhide` చూస్తే దాచిన షీట్లు బయటపడతాయి. అక్కడ కూడా కనిపించని దాపరికం ఒకటుంది: `Alt+F11` నొక్కి తెరిచే కిటికీలో మాత్రమే దాని పేరు కనిపిస్తుంది.

ఈ దశలో ఒక నియమం పెట్టుకోవాలి. కనిపించిన తేడాలన్నిటి చిట్టా పూర్తయ్యేదాకా ఒక్క సెల్ కూడా సరిచేయకూడదు. తప్పు కనిపించగానే దిద్దేయాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. అలా దిద్దిన వాటిలో నాలుగోది వచ్చేసరికి మొదటిదాంట్లో ముందు ఏముందో గుర్తుండదు. పైగా తప్పు అనుకున్నది తప్పు కాకపోవచ్చు.

పక్కవాడితో పోలిక

164 మందికి ఈఎస్‌ఐ లెక్క ఒకటే అయినప్పుడు H కాలమ్‌లో 164 ఫార్ములాలూ ఒకే తీరులో ఉండాలి. కానీ చూడబోతే ఒక్కో వరుసలో ఒక్కో సెల్ పేరు: F6, F7, F8. కంటికి అన్నీ వేర్వేరుగా ఉంటాయి కాబట్టి నిజమైన తేడా వాటి మధ్య దాక్కుంటుంది. ఎక్సెల్‌లో దీనికి విరుగుడు ఉంది. `File`, `Options`, `Formulas` లోకి వెళ్ళి `R1C1 reference style` టిక్ చేస్తే సెల్ పేర్లు పోయి దూరాలు వస్తాయి. "ఇదే వరుసలో రెండు గళ్ళు ఎడమన" అనేది `RC[-2]` అవుతుంది. ఒకే తీరు ఫార్ములా 164 వరుసల్లోనూ అక్షరం తేడా లేకుండా ఇలాగే కనిపిస్తుంది:

```
=IF(RC[-2]<=21000,ROUNDUP(RC[-2]*0.75%,0),0)
```

ఇది చూపులో మార్పే తప్ప విలువలో మార్పు కాదు. ఇప్పుడు ఒకటో అంకెకు ఎడమనున్న మీటను `Ctrl`తో కలిపి నొక్కితే విలువల బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. కాలమ్ వెంట కన్ను దించుకుంటూ పోతే భిన్నంగా ఉన్నది దానంతటదే పట్టుబడుతుంది.

వరుసలు వేలల్లో ఉంటే కన్ను చాలదు. H6 నుంచి H169 దాకా ఎంచుకుని `Ctrl+Shift+\` నొక్కితే, మొదటి సెల్ తీరుకు సరిపోలని వాటినన్నిటినీ ఎక్సెల్ ఎంచి చూపిస్తుంది. అడ్డంగా, అంటే ఒక వరుసలోని సెల్స్‌ను పోల్చాలంటే `Ctrl+\`. అయితే ఈ మీటకు తప్పొప్పులు తెలియవు. మొదటి సెల్‌ను కొలబద్దగా పెట్టుకుని మిగతావాటిని కొలుస్తుంది, అంతే. ఆ మొదటి సెల్లే తప్పయితే సరైనవన్నీ దోషులుగా నిలబడతాయి. అందుకే ముందు H6 లోని ఫార్ములాను చట్టంతో సరిచూసుకోవాలి. ఈఎస్‌ఐలో ఉద్యోగి వాటా 0.75 శాతం, వేతన పరిమితి 21,000, పైసలు వస్తే పై రూపాయికి సవరింపు. H6 సరిగ్గానే ఉంది.

సెల్ మూలన పచ్చ త్రికోణం కనిపిస్తేనే ఫార్ములా తేడా అనుకునేవాళ్ళు ఉన్నారు. ఎవరో ఒకసారి `Ignore Error` నొక్కి ఉంటే ఆ త్రికోణం పోతుంది, తప్పు ఉండిపోతుంది. `File`, `Options`, `Formulas` లోనే `Reset Ignored Errors` అనే మీట ఉంది. దాన్ని నొక్కాక ఆమె షీటులో కొత్తగా త్రికోణాలు మొలిచాయి. ఇన్నేళ్ళూ హెచ్చరిక ఉండనే ఉంది. ఎవరో దాని నోరు నొక్కారు.

H కాలమ్‌లో రెండుచోట్ల తేడా తేలింది. 31 నుంచి 44 దాకా 14 వరుసల్లో ఇలా ఉంది:

```
=IF(F31<=21000,ROUNDUP(F31*1.75%,0),0)
```

58వ వరుసలో ఒక్కరికి మాత్రం ఇలా:

```
=ROUNDUP(F58*0.75%,0)
```

మొదటిది చూడగానే ఈ పనిలో ఆరితేరినవాళ్ళకు తెలిసిపోతుంది. ఉద్యోగి వాటా 1.75 శాతం నుంచి 0.75కు తగ్గింది 2019 జులై 1న. ఆ 14 వరుసలకు ఆ కబురు అందలేదు. ఆ 14 మందీ 16,000 వేతనం వాళ్ళే. 120 రూపాయలు కోయాల్సిన చోట 280 కోస్తున్నారు. మనిషికి 160 చొప్పున నెలకు 2,240 రూపాయలు.

ఇన్నేళ్ళు ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఈఎస్‌ఐ పోర్టల్‌లో వేతనాలు ఎక్కిస్తే వాటా ఎంతో పోర్టలే లెక్కగట్టుకుంటుంది. చలానా సరైన మొత్తానికే వస్తుంది. ఎక్కువ కోసిన డబ్బు మిల్లు పుస్తకాల్లో ఈఎస్‌ఐ చెల్లింపు ఖాతాలో ఉండిపోతుంది. ఆ ఖాతా చలానా కట్టిన ప్రతిసారీ సున్నాకు రావాలి. రాకుండా నెలనెలా 2,240 చొప్పున పెరుగుతూ పోతోంది. షీటులో అనుమానం వచ్చినప్పుడు లెడ్జర్‌లో ఇలాంటి సాక్ష్యం వెతికితే అనుమానం రుజువుగా మారుతుంది. అది ఆ 14 మంది సొమ్ము. ఏ నెల నుంచి ఎంతో తేల్చి వాళ్ళకు తిరిగి ఇవ్వాల్సిందే.

రెండోది, 58వ వరుస, మరీ అనుమానాస్పదంగా కనిపిస్తుంది. ఆ ఉద్యోగిని వేతనం 21,600. పరిమితి దాటినా ఈఎస్‌ఐ కోస్తున్నారు, అదీ ఫార్ములాలోంచి `IF` తీసేసి మరీ. కొత్త అకౌంటెంట్ పాత అకౌంటెంట్‌కు ఫోన్ చేసింది.

"సార్, 58వ వరుసలో ఈఎస్‌ఐ ఫార్ములా వేరేగా ఉందండీ. ఏమైనా కారణం ఉందా?"

"ఆవిడకు జూన్‌లో జీతం పెరిగిందమ్మా. మధ్యలో పరిమితి దాటినా సెప్టెంబరు ఆఖరుదాకా కోయాలి కదా. అందుకని ఆ ఒక్క వరుసలో మార్చాను."

ఆయన మాట నిజం. ఈఎస్‌ఐలో చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మధ్యలో వేతనం పరిమితి దాటినవాళ్ళకు ఆ కాలం ముగిసేదాకా మొత్తం వేతనం మీద వాటా కోయాలి. తేడాగా ఉన్న ఆ ఒక్క ఫార్ములాయే సరైనది. కాలమ్ అంతా ఒకే తీరుకు తెచ్చేద్దామని H6ను కిందికి లాగి ఉంటే, ఆగస్టులో ఆమెకు ఈఎస్‌ఐ ఆగిపోయేది.

ఈ రెండు తేడాలనూ పక్కపక్కనే పెట్టి చూసుకోవాలి. ఎక్సెల్ రెండింటినీ ఒకే విధంగా పట్టుకుంది. ఒకటి నిర్లక్ష్యం, ఒకటి జాగ్రత్త. తేడా తెలిసింది చట్టం తేదీల వల్ల, ఒక ఫోన్ కాల్ వల్ల.

మొత్తాల వరుస

170వ వరుసను ఆమె అడ్డంగా పోల్చింది. F170 నుంచి K170 దాకా అన్ని మొత్తాలూ 6వ వరుస నుంచి 163వ వరుస దాకానే కూడుతున్నాయి, G170 తప్ప. పీఎఫ్ మొత్తం ఒక్కటే 169 దాకా వెళ్ళింది. ఆఖరి ఆరుగురూ జులైలో చేరినవాళ్ళు. వాళ్ళ వరుసలు మొత్తానికి సరిగ్గా పైన చేర్చారు. మొత్తం కూడే హద్దు మధ్యలో వరుస చొప్పిస్తే ఎక్సెల్ ఆ హద్దును తనే పెంచుకుంటుంది. హద్దుకు కింద చేర్చితే పెంచుతుందనే భరోసా లేదు. పీఎఫ్ చలానా కలవకపోవడంతో ఎవరో ఆ ఒక్క మొత్తాన్ని మాత్రం సరిచేసి, మిగతావి చూడకుండా వదిలేశారు.

బ్యాంకుకు జీతాలు ఒక్కో వరుస చొప్పున వెళ్తాయి కాబట్టి ఆ ఆరుగురికీ డబ్బు అందింది. పుస్తకాల్లో ఖర్చు మాత్రం తక్కువ పడింది. ఆరుగురి నికర జీతం 88,200.

G170 కూడా 163 దగ్గరే ఆగి ఉంటే ఏమయ్యేది? వరుసంతా ఒకే తీరున తప్పుగా ఉండేది, `Ctrl+\` ఒక్కదాన్నీ పట్టుకునేది కాదు. పోలిక పద్ధతికి ఉన్న పెద్ద పరిమితి ఇదే. అందరూ కలిసి చేసే తప్పు దానికి కనిపించదు. అలాంటిది దొరకాలంటే షీటు బయటి అంకె కావాలి: హాజరు పట్టీలో ఎంతమంది, బ్యాంకుకు వెళ్ళిన జాబితాలో ఎంతమంది, మొత్తం కూడినది ఎంతమందిని.

ఇదే రకం తప్పు ప్రపంచ ఆర్థిక చర్చలోకే వెళ్ళింది. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ప్రసిద్ధ ఆర్థికవేత్తలు 2010లో ఒక పత్రం రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన సంపన్న దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని తేల్చారు. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించేవారికి అది బలమైన ఆధారమైంది. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ ఆ లెక్కను మళ్ళీ చేయబోతే ఫలితం రాలేదు. రచయితలనే అడిగి వారి వర్క్‌బుక్ తెప్పించుకున్నాడు. సగటు ఫార్ములా 30వ వరుస నుంచి 49 దాకా వెళ్ళాల్సింది 44 దగ్గర ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు.

ఈ కథ ఇంతవరకు చాలామంది చెబుతారు. ఆడిట్ నేర్చుకునేవాళ్ళకు పనికొచ్చేది దీని తర్వాతి భాగం. 2013లో హెర్న్‌డన్ తన గురువులు మైఖేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి సవరించిన సగటును 2.2 శాతంగా చూపించాడు. ఆ తేడా అంతా ఫార్ములా తప్పు వల్లే వచ్చిందని వాళ్ళు రాయలేదు. ఫార్ములా హద్దు వల్ల వచ్చినది 0.3 శాతం పాయింట్ల మేరకే. మిగతాది కొన్ని దేశాల కొన్ని సంవత్సరాలను వదిలేయడం వల్ల, దేశాలకు ఇచ్చిన ప్రాధాన్యం వల్ల వచ్చింది. అంటే తప్పు వేరు, నిర్ణయం వేరు. దేని వల్ల ఎంత తేడా వచ్చిందో విడివిడిగా చూపించారు. రైన్‌హార్ట్, రోగాఫ్ కూడా ఫార్ములా తప్పును వెంటనే ఒప్పుకుని, తమ ఎంపికల మీద మాత్రం వాదించారు. తేడాలను విడదీసి చెప్పబట్టే ఏది తప్పో, దేని మీద వాదన మిగిలిందో చదివినవారికి స్పష్టంగా తెలిసింది. మిల్లు జీతాల చిట్టా కూడా ఇదే తీరులో రాయాలి.

చేత్తో కొట్టిన అంకెలు

ఫార్ములా ఉండాల్సిన చోట ఉత్త అంకె కూర్చుంటే దాన్ని పట్టుకోవడం తేలిక. G6 నుంచి G169 దాకా ఎంచుకుని, `F5` నొక్కి, `Special` లో `Constants` ఎంచుకుంటే చేత్తో కొట్టినవి మాత్రమే వెలుగుతాయి. G కాలమ్‌లో ఒక్కటే వెలిగింది. 72వ వరుసలో 780. మిగతా అందరికీ ఉన్న ఫార్ములా ఇదీ:

```
=ROUND(MIN(E6,15000)*12%,0)
```

780 అనే అంకె పుట్టుక దానిలోనే ఉంది. 6,500లో 12 శాతం 780. పీఎఫ్ వేతన పరిమితి 6,500 ఉన్నది 2014 ఆగస్టు దాకా. ఆ సెప్టెంబరు 1 నుంచి అది 15,000 అయింది, గరిష్ఠ కోత 1,800 అయింది. 72వ వరుసలోని ఉద్యోగి బేసిక్, డీఏ కలిపి 15,000 దాటుతోంది. కాబట్టి ఆయన అంకె పదేళ్ళ కిందట ఎక్కడో గడ్డకట్టిందనిపిస్తుంది.

అనిపించడం చాలదు. ఇక్కడ ఏమేం జరిగి ఉండవచ్చు? పరిమితి పెరిగిన నెలలో ఫార్ములా మార్చినవారు ఈ సెల్ మీదుగా లాగినా, ఎవరో తర్వాత పాత షీటులోంచి విలువ అతికించి ఉండవచ్చు. లేదా ఉద్యోగి అడిగితే తగ్గించి ఉండవచ్చు, అది చట్టం ఒప్పుకునేది కాకపోయినా. పాత అకౌంటెంట్‌ను అడిగితే "నేను చేరేసరికే అలాగే ఉందమ్మా" అన్నాడు. జవాబు దొరకలేదు. చిట్టాలో అదే రాయాలి: అడిగాం, కారణం తెలియదు.

నెలకు 1,020 రూపాయలు తక్కువ పడుతోంది, యజమాని వాటా దానికి అదనం. ఇది ఆమె ఒక్కతే దిద్దగలిగేది కాదు. ముందు నెలల బకాయి మీద వడ్డీ, నష్టపరిహారం పడతాయి. గతంలో కోయని ఉద్యోగి వాటాను ఇప్పటి జీతంలోంచి లాగేయడం కూడా చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆగస్టు నుంచి సరిచేయడం ఒక పని. వెనకటి బకాయి యాజమాన్యమూ పీఎఫ్ కన్సల్టెంటూ తేల్చాల్సిన ఇంకో పని. చిట్టాలో వాటిని రెండు పంక్తులుగా రాయాలి.

ఫార్ములా కడుపులో దాగిన అంకెలు ఇంకో రకం. 1.75% అలాంటిదే. `Constants` వాటిని చూపదు, ఎందుకంటే ఆ సెల్‌లో ఉన్నది ఫార్ములాయే. `Ctrl+F` తెరిచి, `Look in` దగ్గర `Formulas` పెట్టి, `%` అని వెతికి `Find All` నొక్కితే జాబితా వస్తుంది. రేటును 0.0175 అని రాసే అలవాటున్నవాళ్ళ ఫైల్లో `~*0.` అని వెతకాలి. ముందున్న ఆ వంకర గీత ముఖ్యం. అది లేకుండా నక్షత్రం గుర్తు పెడితే "ఏదైనా సరే" అనే అర్థం వచ్చి అనవసరమైనవన్నీ దొరుకుతాయి.

అలాగని ఫార్ములాలో కనిపించిన ప్రతి అంకెనూ తప్పుగా రాయనక్కర్లేదు. నెల వేతనాన్ని 26 పనిరోజులతో భాగించడంలో ఉన్న 26ను ఆమె వదిలేసింది. ఏ సర్క్యులర్‌తోనో మారే అంకె అయితే అది ఫార్ములాలో ఉండకూడదు: 12%, 15,000, 0.75%, 21,000, వృత్తి పన్ను శ్లాబులు. వీటికి `Rates` అని వేరే షీటు, ప్రతి రేటు పక్కన అమలు తేదీ. చట్టం మారినప్పుడు మార్చాల్సింది అప్పుడు 164 సెల్స్ కాదు, ఒక్కటి.

పని చేస్తున్నట్టే కనిపించే తెగిన లింకు

E కాలమ్ ఫార్ములా ఇది:

```
=ROUND((C6+'D:\Jeetalu\[VDA.xlsx]Rates'!$B$4)*D6/26,0)
```

కరువు భత్యం రేటు పాత అకౌంటెంట్ కంప్యూటర్ D డ్రైవ్‌లోని ఒక ఫైలు నుంచి వస్తోంది. ఆ కంప్యూటర్ ఇప్పుడు లేదు. లింకు తెగితే `#REF!` అని కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అలాంటిదేమీ కనిపించలేదు. మూల ఫైలు దొరకనప్పుడు ఎక్సెల్ చివరిసారి చదివిన విలువను దాచుకుని అదే చూపిస్తూ పోతుంది. జీతాలు పడుతూనే ఉంటాయి. రేటు మాత్రం ఆగిపోయిన గడియారంలా నిలిచిపోయి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనాల కరువు భత్యాన్ని ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబరుల్లో సవరిస్తారు. B4 ఎప్పటి రేటో షీటులో ఎక్కడా రాసి లేదు. అది ఒక సవరణ వెనక ఉందో, నాలుగు సవరణల వెనక ఉందో కార్మిక శాఖ ఉత్తర్వు పక్కన పెట్టుకుని చూస్తేగానీ తెలియదు. నెలకు మనిషికి 300 తేడా ఉన్నా 164 మందికి నెలకు 49,200. ఈ ఆడిట్‌లో బయటపడిన వాటిలో బరువైనది ఇదే, పైకి ఏ గుర్తూ లేనిదీ ఇదే.

లింకులన్నీ ఒకచోట చూడాలంటే `Data` ట్యాబ్‌లో `Edit Links`. కొత్త వెర్షన్లలో దాని పేరు `Workbook Links`. `Check Status` నొక్కితే మూలం దొరకనివి తేలతాయి. ఏ సెల్‌లో ఉన్నాయో తెలియాలంటే ఫార్ములాల్లో `[` కోసం వెతకాలి. ఆమె జాబితాలో రెండు ఫైళ్ళు కనిపించాయి, సెల్స్‌లో దొరికింది ఒక్కటే. రెండోది `Ctrl+F3` నొక్కితే తెరుచుకునే `Name Manager` లో దొరికింది, ఎప్పుడో ఓవర్‌టైమ్ రేటుకు పెట్టిన పేరు, ఇప్పుడు ఏ ఫార్ములా దాన్ని వాడటం లేదు. అక్కడా దొరక్కపోతే డేటా వ్యాలిడేషన్, కండిషనల్ ఫార్మాటింగ్, చార్టులు చూడాలి.

అదే పెట్టెలో `Break Link` అనే మీట కూడా ఉంటుంది. నొక్కితే హెచ్చరికలు ఆగిపోతాయి, అన్నీ చక్కబడ్డట్టే ఉంటుంది. నిజానికి జరిగేది 164 ఫార్ములాలూ మొత్తంగా పోయి ఆ నాటి విలువలు శాశ్వతంగా చేత్తో కొట్టిన అంకెలైపోవడం. వెనక్కి తీసుకోవడం కుదరదు. తెగిన లింకు అనే తప్పు అంతకంటే పెద్దదైన ఇంకో తప్పుగా మారుతుంది. ముందు రేటును తేదీతో సహా `Rates` షీటులోకి తెచ్చి, E కాలమ్‌ను దానికి కలిపి, అన్ని లింకులూ పోయాయని చూసుకున్నాకే ఆ పెట్టెను మూయాలి.

J కాలమ్‌లో అడ్వాన్సు కోత `IFERROR(…,0)` లోపల ఉంది. ఉద్యోగి నంబరు జాబితాలో దొరక్కపోతే సున్నా చూపించమని దాని అర్థం. అడ్వాన్సు లేనివాళ్ళకు సున్నా రావాలి, నిజమే. నంబరు తప్పుగా కొట్టినా సున్నాయే వస్తుంది. ఆమె అడ్వాన్సుల జాబితాలో ఉన్నవారి సంఖ్యనూ J కాలమ్‌లో సున్నా కానివారి సంఖ్యనూ పోల్చింది. రెండూ కలిశాయి. కలిశాయన్నది కూడా చిట్టాకు ఎక్కాలి, ఏది చూశామో తర్వాతివాళ్ళకు తెలియడానికి.

చిట్టా

ఆఫీసుల్లో ఫైండింగ్స్ లాగ్ అనే ఈ చిట్టాను అదే వర్క్‌బుక్‌లో కొత్త షీటుగా పెట్టుకోవచ్చు. ఒక పంక్తి ఎలా ఉండాలో 31వ వరుస ఉదాహరణగా చూద్దాం.

సంఖ్య: 2
చోటు: `Salary`, H31:H44
కనిపించింది: `=IF(F31<=21000,ROUNDUP(F31*1.75%,0),0)`
ఉండాల్సింది: 0.75%, 2019 జులై 1 నుంచి
రకం: ఫార్ములాలో దాగిన పాత రేటు
ప్రభావం: 14 మంది, ఆగస్టులో 2,240 ఎక్కువ కోత
సాక్ష్యం: ఈఎస్‌ఐ చెల్లింపు ఖాతాలో మిగులు
అడిగింది ఎవరిని, జవాబు: పాత అకౌంటెంట్, ఆ 14 వరుసలు వేరే యూనిట్ షీటు నుంచి తెచ్చినవి
నిర్ణయం, ఎవరిది: ఆగస్టు నుంచి సవరణ, మేనేజర్, వెనకటి నెలలది విడిగా
మళ్ళీ చూడాల్సిన తేదీ: బకాయి చెల్లించాక

"కనిపించింది" దగ్గర ఫార్ములాను ఉన్నదున్నట్టు రాయాలి. "ఈఎస్‌ఐ రేటు తప్పు" అని రాస్తే ఆరు నెలల తర్వాత దానికి అర్థం ఉండదు. ఫార్ములా అతికించేటప్పుడు ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టాలి, లేకపోతే ఎక్సెల్ దాన్ని లెక్క కట్టేస్తుంది. ప్రభావం దగ్గర రూపాయలు రాయాలి. తెలియకపోతే "ఇంకా తేలలేదు" అని, ఏం వస్తే తేలుతుందో రాయాలి. డీఏ పంక్తిలో ఆమె రాసింది అదే: కార్మిక శాఖ ఉత్తర్వు రావాలి. అంకె లేకపోయినా ఆ పంక్తిని అన్నిటికంటే పైన పెట్టింది, ఎందుకంటే అది 164 మంది జీతాన్నీ తాకుతుంది. వాడకంలో లేని ఓవర్‌టైమ్ పేరు అట్టడుగున ఉంది.

నిర్ణయాలు వచ్చాక దిద్దడం మొదలైంది. ఒకసారికి ఒక్క పంక్తి, ప్రతిసారీ K170 ఎంత మారిందో చిట్టాలో నమోదు. మొత్తం హద్దు 169 దాకా పెంచితే 21,47,310 కాస్తా 22,35,510 అయింది. పెరిగింది 88,200, ఆరుగురి జీతం అంతే. ఈఎస్‌ఐ రేటు సవరిస్తే 22,37,750; పెరిగింది 2,240. పీఎఫ్ 780ని ఫార్ములాగా మారిస్తే 22,36,730, తగ్గింది 1,020. ప్రతి అడుగులోనూ కదలిక చిట్టాలో ముందే రాసిన ప్రభావంతో రూపాయి తేడా లేకుండా కలిసింది. కలవకపోతే దిద్దుబాటు ఇంకేదో సెల్‌ను కూడా కదిపిందని అర్థం. అక్కడ ఆగి వెతకాలి. ఫార్ములాల్లోని రేట్లను `Rates` షీటుకు తరలించినప్పుడు మాత్రం మొత్తం ఒక్క రూపాయి కూడా కదలకూడదు. కదల్లేదు.

డీఏ సంగతి ఆగస్టు జీతాలకు ముందు తేలలేదు. పాత రేటుతోనే జీతాలు వేసి, తేడా బకాయిగా ఇస్తామని మేనేజర్ చిట్టాలో సంతకం చేశారు.

"మళ్ళీ చూడాల్సిన తేదీ" గడిలో రెండు పంక్తులకు అక్టోబరు 1 అని ఉంది. డీఏ తదుపరి సవరణ అమలయ్యేది ఆ రోజే. `Rates` షీటులో కొత్త పంక్తి చేర్చాలి. 58వ వరుసలోని ఉద్యోగి చందా కాలం ముగిసేది సెప్టెంబరు 30న. అక్టోబరు జీతం వేసేముందు ఆమె సెల్‌లో `IF` తిరిగి పెట్టాలి. ఆ మినహాయింపు ఎందుకు ఉందో, ఎప్పటిదాకా ఉండాలో ఆ సెల్‌కు జతచేసిన కామెంట్‌లోనూ రాసి ఉంది.